అమ్మ ఎక్కలేని కారు అమ్మకి కొన్నట్టు కాదు

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఈ మధ్య ఒక కొత్త ఆచారం మొదలైంది. ఆన్‌సైట్ నుంచి తిరిగొచ్చినా, రెండో ప్రమోషన్ వచ్చినా, డాలస్‌లో ఇల్లు కొన్నా, మరుసటి నెలలో ఊళ్ళో అమ్మానాన్నలకి ఒక కారు. మంచి ఆచారమే, తప్పు పట్టడానికి లేదు. నా తగాదా అంతా ఆ కారుని ఎలా ఎంచుకుంటున్నారన్న దానితోనే. ఎక్సెల్ షీటు తెరుస్తారు. పన్నెండు కార్లు, ముప్ఫై గడులు. సన్‌రూఫ్ ఉందా, స్క్రీను ఎన్ని అంగుళాలు, గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత, వెంటిలేటెడ్ సీట్లు ఉన్నాయా, ఫోన్లోంచి ఏసీ వెయ్యొచ్చా. అన్నీ ఉంటాయి. ఒక్క గడి మాత్రం ఎవరి షీటులోనూ నేను చూడలేదు. సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది?

లేకపోవడానికి కారణం ఉంది. కంపెనీల బ్రోచర్లో ఆ అంకె సాధారణంగా వెయ్యరు. బ్రోచర్లో లేనిది మన షీటులోకి రాదు. మన షీటులో లేనిది మన ఆలోచనలోకే రాదు. ఆఫీసులో క్లయింటు దగ్గర గంటలు గంటలు కూర్చుని రిక్వైర్‌మెంట్లు రాసుకునే మనం, సొంత అమ్మ విషయానికొచ్చేసరికి యూజర్‌ని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా తిన్నగా ప్రొడక్షన్‌లో పడేస్తాం. పైగా తాళాలు చేతికిస్తూ ఫొటో.

నేను కళ్ళారా చూసిన కేసు ఒకటి చెప్తాను. మా పెదనాన్న, పెద్దమ్మ తెనాలిలో ఉంటారు. ఆయనకి 71, ఆవిడకి 67. ఆయనకి ఒక మోకాలు ఆపరేషన్ అయింది, రెండోది అవ్వాలి. ఆవిడది నాలుగడుగుల పదకొండంగుళాల మనిషి, నడుం నొప్పి. వాళ్ళబ్బాయి, అంటే మా అన్నయ్య, అమెరికాలో ఉంటాడు. నాన్నగారికి ఎత్తుగా ఉంటే సుఖంగా ఉంటుందని ఒక పెద్ద ఎస్‌యూవీ పంపించాడు. లారీ ఛాసిస్ లాంటి ఛాసిస్ మీద కట్టే రకం. ఏడాది తిరిగేసరికి ఆ కారు మీద చింతచెట్టు ఆకులు రాలుతున్నాయి. ఇద్దరూ గుంటూరు డాక్టరు దగ్గరికి ఆటోలో వెళ్ళొస్తున్నారు. అన్నయ్యకి మాత్రం ఫోన్లో "బాగానే ఉందిరా, చల్లగా ఉంటుంది" అని చెప్తున్నారు.

ఆటోలో ఎందుకెళ్తున్నారో ఎవరైనా ఆలోచించారా? పిసినారితనం కాదు. ఆటోకి తలుపు లేదు, కాబట్టి తలుపు మీద పడేది లేదు. ఎక్కేచోట పట్టుకోవడానికి కదలని ఇనప కమ్మీ ఉంది. గడప అడ్డం లేదు, అడుగు తక్కువ ఎత్తులోనే ఉంటుంది. ఆటో తయారుచేసినవాడు మా పెద్దమ్మని దృష్టిలో పెట్టుకుని చెయ్యలేదు, కానీ ఆవిడ మోకాలికి అది సరిపోయింది. ఇరవై లక్షల కారు సరిపోలేదు.

ముందు కూర్చోవాలి, తర్వాత కాళ్ళు

వయసులో ఉన్న మనం కారు ఎలా ఎక్కుతాం? ఒక కాలు లోపల పెట్టి, వంగి, ఆ కాలి మీద బరువంతా వేసి లోపలికి జారిపోతాం. ఆ అర సెకను మొత్తం శరీరం ఒంటికాలి మీద, అదీ వంచిన మోకాలి మీద ఉంటుంది. మనకి తెలీను కూడా తెలీదు. మోకాళ్ళు అరిగినవాళ్ళకి ఆ అర సెకనే గండం.

వాళ్ళు ఎక్కాల్సిన పద్ధతి వేరు. ఫిజియోథెరపీ వాళ్ళు మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకి నేర్పేది కూడా ఇదే. కారుకి వీపు పెట్టి నిలబడాలి. సీటు అంచు కాళ్ళ వెనక తగిలేదాకా వెనక్కి రావాలి. రెండు పాదాలూ నేల మీదే ఉండగా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవాలి. తర్వాత తల వంచుకుని, ఒక్కో కాలూ లోపలికి తీసుకుంటూ తిరగాలి. దిగేటప్పుడు ఇదే వెనక నుంచి ముందుకి.

ఇది అర్థమైతే సీటు ఎత్తు సంగతి మొత్తం అర్థమైనట్టే. రెండు పాదాలూ నేల మీద ఉంచి కూర్చోగలిగితే అది వాళ్ళ కారు. కూర్చోలేకపోతే కాదు. మిగతావన్నీ తర్వాత.

సీటు మరీ కిందికి ఉంటే ఎక్కడం తేలికే, ఎక్కడం అనేకంటే పడిపోవడం అనాలి. చివరి నాలుగంగుళాలు చేతులొదిలేసి దబ్బుమని కూలబడతారు. దిగేటప్పుడు బావిలోంచి లేచినట్టు లేవాలి. సెడాన్లతో వచ్చే చిక్కు ఇది. సీటు మరీ పైకి ఉంటే వెనక్కి కూర్చోవడం కుదరనే కుదరదు. మళ్ళీ ఒంటికాలి మీద ఎగబాకాలి, పైన పట్టుకుని లాక్కోవాలి. దిగేటప్పుడు నేల కనపడదు, పాదం గాల్లో వెతుక్కుంటుంది. పెద్ద ఎస్‌యూవీలతో చిక్కు ఇది. పడటాలు ఎక్కువగా దిగేటప్పుడే ఉంటాయి, ఎక్కేటప్పుడు కాదు. షోరూములో అందరూ ఎక్కించి చూపిస్తారు. దింపి చూడాలి.

టేపుతో కొలిస్తే తేలిన లెక్క

పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు పెదనాన్న ఆ కారు అమ్మేసి ఇంకోటి చూడమన్నారు. బట్టలు కుట్టేవాళ్ళు వాడే టేపు ఒకటి తీసుకున్నాను. మొదట కార్లని కొలవలేదు, మనుషుల్ని కొలిచాను. ఈ పని మీరు ఏ ఊళ్ళో ఉన్నా తమ్ముడి చేతో, పక్కింటి కుర్రాడి చేతో చేయించవచ్చు.

మొదటిది కింది హద్దు. ఇంట్లో రకరకాల ఎత్తుల్లో కూర్చునేవి ఉంటాయి కదా. చేతులు మోకాళ్ళ మీద ఆనించకుండా, ఎవరూ సాయం పట్టకుండా ఎంత ఎత్తు నుంచి లేవగలరో చూడాలి. మా పెద్దమ్మ 18 అంగుళాల భోజనాల బల్ల కుర్చీలోంచి మామూలుగా లేచింది. 15 అంగుళాల సోఫాలోంచి రెండుసార్లు ఊగి లేచింది. కాబట్టి ఆవిడ కింది హద్దు 18. పెదనాన్న ఆ కుర్చీలోంచి కూడా బల్ల పట్టుకునే లేచారు. కుర్చీ మీద రెండంగుళాల దిండు వేస్తే తేలిగ్గా లేచారు. ఆయన కింది హద్దు 20.

రెండోది పై హద్దు. మంచం మీద పరుపులు ఒకదాని మీద ఒకటి వేసి, అంచు మీద కూర్చోబెట్టి, మడమలు నేలకి ఆనుతున్నాయా లేదా చూడాలి. పెద్దమ్మకి 23 అంగుళాల దగ్గర మడమలు లేచిపోయాయి. పొడుగు మనిషి కాబట్టి పెదనాన్నకి 26 దాకా ఫరవాలేదు.

ఇప్పుడు ఇద్దరికీ కలిపి పనికొచ్చేది 20 నుంచి 23 అంగుళాల మధ్య. అంటే సుమారు 51 నుంచి 58 సెంటీమీటర్లు. మొత్తం మార్కెట్లో వీళ్ళకి దొరికే సందు మూడంగుళాలు. నిలబెట్టి ఉన్న ఎస్‌యూవీ సీటు అంచు కొలిస్తే 33 అంగుళాలు వచ్చింది. పెద్దమ్మ హద్దు మీద పది అంగుళాలు ఎక్కువ. ఏడాది పాటు ఆవిడ ఆ కారు దగ్గరికి ప్లాస్టిక్ స్టూలు పట్టుకెళ్ళేదని అప్పుడు చెప్పింది. స్టూలు ఎక్కి, అక్కణ్ణుంచి కారెక్కి, ఆ స్టూలు ఎవరు తీస్తారా అని చూసేదట.

కార్లని కొలిచేటప్పుడు ఒక మెలిక ఉంది. ఖాళీ సీటుని కొలిస్తే మోసపోతారు. మనిషి కూర్చుంటే స్పాంజి ఒకటి రెండు అంగుళాలు దిగుతుంది, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. అందుకని ఎవరినైనా అంచున కూర్చోబెట్టి, వాళ్ళ తొడ కింద నుంచి నేలకి కొలవండి. ఇంకో సంగతి, సీటు పక్కల గట్టిగా ఉబ్బెత్తుగా ఉండే గట్లు. మలుపుల్లో మనిషి జారకుండా పెడతారు. పెద్దవాళ్ళకి అవి గోడలు. తిరగడానికి ముందు ఆ గట్టు ఎక్కి దిగాలి. గట్టు అంచునే కొలవాలి, మధ్యలో పల్లాన్ని కాదు.

మూడో కొలత గడప. తలుపు తీస్తే కింద అడ్డంగా ఉండే పట్టీ ఉంది చూడండి, దాని బయటి అంచు నుంచి సీటు అంచుకి ఎంత దూరం? ఇది ఎక్కువగా ఉంటే సీటు ఎత్తు సరిగ్గా ఉన్నా లాభం లేదు. మోకాలి వెనక ముందు గడప తగులుతుంది, సీటు ఇంకా జానెడు అవతల ఉంటుంది, మనిషి వెనక్కి వాలిపోతూ కూర్చోవాలి. పెద్దమ్మ లాంటి పొట్టి తొడలవాళ్ళకి ఇది ఆరేడు అంగుళాలు దాటకపోతే నయం.

మేం చూసిన ఏడు కార్లలో మూడు ఆ సందులో పడ్డాయి. మూడూ నిటారుగా కూర్చోబెట్టే హ్యాచ్‌బ్యాక్‌లు. 1998లో శాంత్రో వచ్చినప్పుడు దాన్ని పొడుగు డబ్బా అని నవ్వారు, తర్వాత వేగనార్‌నీ అలాగే నవ్వారు. ఆ డబ్బా ఆకారంలోనే ఉంది అసలు కిటుకు. నేల తక్కువ ఎత్తులో ఉండి, సీటు కుర్చీలా ఎత్తుగా ఉండి, కప్పు ఇంకా పైన ఉండటం. ఏది కొన్నారో మాత్రం చెప్పను. చెప్తే మీరు కొలవడం మానేసి అదే కొంటారు. మీ అమ్మగారి మోకాలు మా పెద్దమ్మ మోకాలు కాదు.

తలుపు ఎంత తెరుచుకుంటుంది కాదు, మీ వీధిలో ఎంత తెరుచుకుంటుంది

టాటా వాళ్ళు ఆల్ట్రోజ్‌కీ, పంచ్‌కీ తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయని ప్రచారం చేసుకున్నారు. నిజంగా మంచి విషయమే. వెనక తలుపు అంతలా తెరుచుకుంటే పాదం మెలి తిప్పకుండా బయటికొస్తుంది, సాయం పట్టేవాళ్ళు తలుపుకీ సీటుకీ మధ్య నిలబడగలరు. కానీ మీటరు పొడుగు తలుపు 90 డిగ్రీలు తెరవాలంటే పక్కన మీటరు ఖాళీ ఉండాలి. మన ఇళ్ళ సంగతి చూద్దాం.

మా పెదనాన్న గారి పోర్టికో వెడల్పు ఎనిమిదడుగులు, అంటే 244 సెంటీమీటర్లు. 2020లో వచ్చిన క్రెటా తరహా కారు వెడల్పు 179. మిగిలేది 65. డ్రైవరు వైపు గోడకి ఎంత ఆనించినా 20 వదలాలి. ఎడమ వైపు 45 సెంటీమీటర్లు. తలుపు పొడుగు 105 అనుకుంటే లెక్క ఇది:

```
asin(45 / 105) = 25.4 డిగ్రీలు
```

పాతిక డిగ్రీలు. అందులోంచి పిల్లి దూరుతుంది, 67 ఏళ్ళ మనిషి దూరదు. వేగనార్ వెడల్పు 162, అప్పుడు కూడా కోణం ముప్ఫై ఆరో ఏడో వస్తుంది, అంతే. డ్రైవరు దిగడానికి కుడివైపు ఇంకొంచెం వదిలితే అదీ పోతుంది. కాబట్టి ఎనిమిదడుగుల పోర్టికోలో ఏ కారైనా సరే ఎక్కడం కుదరదు, బయటికి తీశాకే ఎక్కాలి. ఇది తెలిశాక అసలు ప్రశ్న వేరే అవుతుంది. బయట ఎక్కడ ఆపుతారు?

మన ఊళ్ళలో గేటు ముందు కాలవ, కాలవ మీద బండ, బండ నుంచి రోడ్డుకి వాలు. కారు ఆ వాలు మీద ఆపితే ముందు టైర్లు కిందా వెనక టైర్లు పైనా ఉంటాయి, లేదా తిరగేసి. తలుపులు రెండు మూడు చోట్ల ఆగేలా లోపల ఒక పట్టీ ఉంటుంది. చదునైన చోట అది చక్కగా ఆపుతుంది. వాలు మీద తలుపు బరువుకి అది చాలదు. ఆవిడ తలుపుని ఆసరాగా పట్టుకుంటుంది, తలుపు కదిలిపోతుంది. టెస్ట్ డ్రైవుకి వచ్చిన కారుని మీ గేటు ముందు వాలు మీద ఆపించి, తలుపు సగం తెరిచి వదిలేసి చూడండి. తనంతట తను మూసుకుంటోందా? ఐతే ఆ కారు ఆ చోట ఎక్కకూడదు. చదునైన చోటు వెతకాలి.

దీన్నే మనకి అనుకూలంగా కూడా వాడుకోవచ్చు. అరుగో, ఆరంగుళాల పేవ్‌మెంటో ఉంటే, దాని మీద నిలబడ్డ మనిషికి సీటు ఆరంగుళాలు కిందికి దిగినట్టే. ఇప్పటికే ఎత్తు కారు కొనేసినవాళ్ళు దాన్ని అరుగు పక్కన ఆపడం నేర్చుకోండి. స్టూలు కంటే వెయ్యి రెట్లు నయం, ఎందుకంటే అరుగు కదలదు. సెడాన్ ఉన్నవాళ్ళు మాత్రం అరుగు పక్కన ఆపకండి, ఉన్న తక్కువ ఎత్తు ఇంకా తక్కువవుతుంది.

పట్టుకోవడానికి కప్పు దగ్గర హ్యాండిల్ ఉంటుంది. కూర్చున్నాక అందుతుంది కానీ నిలబడి వెనక్కి కూర్చునేటప్పుడు అందదు. తలుపు తాళం పడే చోట, కారు బాడీకి U ఆకారంలో ఇనప కొక్కెం ఉంటుంది. అందులో దూర్చి చేతికర్రలా పట్టుకునే పిడి బజార్లో, ఆన్‌లైన్లో దొరుకుతుంది. అది కదలదు, ఎందుకంటే ఆ కొక్కెం తలుపుకి కాదు, కారు బాడీకి బిగించి ఉంటుంది. కొనేముందు మీ కారు కొక్కెంలో పడుతుందో లేదో ఒకసారి చూసుకోండి.

కుదుపు ఎవరికి తగులుతుందంటే

అలవాటు ప్రకారం మనం పెద్దవాళ్ళని వెనక సీట్లో కూర్చోబెడతాం, గౌరవం అని. వెనక సీటు దాదాపు వెనక ఇరుసు మీదే ఉంటుంది. స్పీడ్ బ్రేకరు దెబ్బ తిన్నగా అక్కడికే వస్తుంది. ముందు సీటు రెండు ఇరుసుల మధ్య ఉంటుంది కాబట్టి అదే దెబ్బ అక్కడ సగంలా అనిపిస్తుంది. పైగా ముందు తలుపు పెద్దది, సీటుని వెనక్కి జరపొచ్చు, పాదం బయటికి తీయడానికి చోటుంటుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళని ముందు కూర్చోబెట్టండి. గౌరవం నడుముకి చూపించండి, చాలు.

తర్వాత టైర్లు. మనవాళ్ళు ప్రేమ కొద్దీ టాప్ వేరియంట్ కొంటారు. కింది వేరియంట్లో 185/65 R15 టైరు ఉంటే పై వేరియంట్లో 195/55 R16 ఇస్తారు. చూడ్డానికి చక్రం పెద్దది. ఐతే టైరు రబ్బరు గోడ ఎత్తు ఎంత? మొదటిదాంట్లో 185లో 65 శాతం, 120 మిల్లీమీటర్లు. రెండోదాంట్లో 195లో 55 శాతం, 107. అంటే మీరు ఎక్కువ డబ్బిచ్చి, మీ నాన్నగారి నడుముకీ గుంటకీ మధ్య ఉన్న రబ్బరుని 13 మిల్లీమీటర్లు తీయించారు. దీనికి తోడు బంకులో కుర్రాడు అడక్కుండానే 40 దాకా గాలి కొట్టేస్తాడు. డ్రైవరు తలుపు తీస్తే కనపడే స్టిక్కరు మీద ఎంత రాసుందో అంతే కొట్టించమని ఇంట్లో కాగితం మీద రాసి పెట్టండి. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా కుదుపు తగ్గేది అక్కడే.

గుంటల రోడ్డు కాబట్టే ఎత్తు కారు కొన్నాం అంటారు. గుంటకి కారు అడుగు తగలకుండా ఉండటం వేరు, లోపలి మనిషికి కుదుపు తగలకుండా ఉండటం వేరు. ఎత్తు కారులో ఒక పక్క చక్రం గుంటలో దిగితే పైన కూర్చున్న తల ఇటు నుంచి అటు ఊగుతుంది, మెడ నరాలకి అదే శత్రువు. గ్రౌండ్ క్లియరెన్స్ కారుకి మేలు, మీ అమ్మగారికి కాదు. కారు తీసుకునే ముందు షోరూము వాడి నున్నటి రోడ్డు మీద కాదు, మీ వీధిలోనే, గంటకి 20 కిలోమీటర్ల వేగంతో, ఒక పక్క చక్రాలే గుంటలో పడేట్టు నడిపించి చూడండి. నడిపేది షోరూము వాడైనా సరే, కూర్చునేది అమ్మగారై ఉండాలి.

మీటలు

పెదనాన్న ఇప్పటికీ తెనాలి లోపల కారు నడుపుతారు. పాత ఎస్‌యూవీలో ఏసీ తగ్గించాలంటే స్క్రీను మీద రెండు చోట్ల నొక్కాలి. ఆయన కళ్ళజోడు దూరానికి ఒకటి, దగ్గరికి ఒకటి. స్క్రీను రెండింటికీ మధ్యలో ఉంటుంది. తిప్పే మీట ఐతే చూడనక్కర్లేదు, వేళ్ళకే తెలుస్తుంది. గేరు మీట నొక్కాక మళ్ళీ మధ్యకే వచ్చే రకమైతే చేతికి తెలియదు, డిస్‌ప్లేలో అక్షరం చదవాలి. ముందుకి పెడితే ముందుకే ఉండిపోయే పాత రకం మేలు.

మోకాలి కోసం ఆటోమేటిక్ కొనడం సరైనదే, క్లచ్చి తొక్కుడు తప్పుతుంది. కానీ పాతికేళ్ళు క్లచ్చి తొక్కిన ఎడమకాలు ఊరుకోదు. ఆపాల్సి వచ్చినప్పుడు తనంతట తను లేచి క్లచ్చి అనుకుని వెడల్పాటి బ్రేకుని దబ్బుమని తొక్కుతుంది, వెనక వచ్చేవాడు గుద్దుతాడు. ఇంకా పెద్ద ప్రమాదం, కంగారులో బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కడం. తాళాలిచ్చి విమానం ఎక్కేయకండి. ఖాళీ మైదానంలో ఎడమకాలిని సీటు కిందికి ముడిచి పెట్టుకుని, మడమ బ్రేకు ముందే ఆనించి, నాలుగైదు రోజులు ఆపడం ఒక్కటే సాధన చేయించండి. నడపడం ఆయనకి వచ్చు, ఆపడం కొత్తగా నేర్చుకోవాలి.

కూతలు కూడా చెప్పి వెళ్ళండి. 2019 జులై నుంచి వచ్చే కార్లలో 80 దాటితే హెచ్చరిక కూస్తుంది, 120 దాటితే ఆగకుండా కూస్తుంది, బెల్టు పెట్టకపోతే కూస్తుంది, వెనక్కి వెళ్తుంటే కూస్తుంది. పక్క సీట్లో కూరల సంచి పెడితే మనిషనుకుని కూస్తుంది. ఏ కూత ఎందుకో తెలియని మనిషికి అన్ని కూతలూ బండి చెడిపోయినట్టే వినిపిస్తాయి. రోడ్డు మధ్యలో ఆపి దిగి చూస్తారు.

సేఫ్టీ సంగతో మరి?

ఇది ఒక్కటే నేను గౌరవించే ఆక్షేపణ. నిజమే, 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో వేగనార్‌కి పెద్దల రక్షణలో ఒక్క స్టారే వచ్చింది. 2021లో టాటా పంచ్‌కి అయిదు వచ్చాయి. ఇది తీసిపారేసే తేడా కాదు. హైవే మీద తరచుగా తిరిగే పెద్దవాళ్ళైతే స్టార్లు చూడాల్సిందే, సందులో పడిన కార్లలోంచి స్టార్లు ఎక్కువున్నది తీసుకోవాలి. నేను చెప్పేది వరస. ముందు ఎక్కగలిగే కార్ల జాబితా, తర్వాత అందులో స్టార్లు. మీరు చేస్తున్నది తలకిందులు. అయిదు స్టార్ల కారు గేటు దగ్గర నిలబడి ఉంటే దానివల్ల ఎవరి ప్రాణానికీ రక్షణ లేదు, ఎందుకంటే ఆ అమ్మ ఆటోలో ఉంది. ఆటోకి ఎన్ని స్టార్లో మీకు తెలుసు.

మిగతా ఆక్షేపణలకి జవాబు చెప్పను. పదిమందిలో బాగుంటుందని, రీసేలు ఉంటుందని, అల్లుడుగారు కూడా వస్తే పనికొస్తుందని అంటారు. అవి మీ కారుకి రిక్వైర్‌మెంట్లు. అవి కావాలంటే మీకోసం కొనుక్కోండి, హైదరాబాదులో పెట్టుకోండి.

బుకింగ్ డబ్బు కట్టేముందు

అమ్మానాన్నల్ని షోరూముకి తీసుకెళ్ళండి. మీరు రాలేకపోతే తమ్ముణ్ణో, బావగారినో వీడియో కాల్లో పెట్టి పంపండి. ముందు సీట్లోకి ఎక్కి దిగమనండి. మూడుసార్లు. మొదటిసారి ఉత్సాహం మీద ఎక్కేస్తారు, రెండోసారి మీరు చూస్తున్నారని ఎక్కుతారు, మూడోసారే అసలు మోకాలు మాట్లాడుతుంది. ఎవరినీ చెయ్యి పట్టుకోనివ్వకండి, సేల్స్ కుర్రాడిని పక్కకి నిలబెట్టండి.

నోటిని వినకండి, చేతుల్ని చూడండి. తలుపు పైఅంచు పట్టుకున్నారా? కూర్చునేటప్పుడు చివర్లో దబ్బున పడ్డారా? దిగేటప్పుడు పాదం నేల కోసం వెతుక్కుందా? తల కప్పుకి తగలకుండా మెడ పక్కకి విరిచారా? ఇందులో ఏ ఒక్కటి కనపడినా ఆ కారు వద్దు. వాళ్ళు మాత్రం "బాగానే ఉంది నాన్నా, అలవాటైపోతుందిలే" అంటారు. కొడుకు ఇష్టపడి చూపిస్తున్న దాన్ని బాగాలేదనే తల్లి నాకింతవరకూ కనపడలేదు. మన డెమోల్లో క్లయింటు "లుక్స్ గుడ్" అంటే మనం నమ్ముతామా? దీన్నీ అంతే నమ్మండి.

టేపు ఖరీదు ముప్ఫై రూపాయలు. కారు ఖరీదు పది లక్షలు. ముందు ముప్ఫై రూపాయల పని చెయ్యండి.